మెకానమ్ బండి పక్కకు 2 మీటర్లు వెళ్లమంటే 1.78 దగ్గరే ఆగుతోంది, ఎన్‌కోడర్లు మాత్రం 2.00 చూపిస్తున్నాయి

నూజివీడు_రోబో

అందరికీ నమస్కారం. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కోసం అంచు చుట్టూ వాలుగా చిన్న రోలర్లుండే మెకానమ్ చక్రాలు నాలుగు పెట్టి బండి చేశాం. చక్రం వ్యాసం 100 మి.మీ., బరువు మొత్తం 9 కిలోలు. ప్రతి మోటారుకూ ఎంత తిరిగిందో లెక్కపెట్టే ఎన్‌కోడర్ ఉంది, ప్రతి చక్రానికీ విడిగా పీఐడీ వేగ నియంత్రణ ఉంది. బండి మధ్య నుంచి చక్రానికి ముందు వెనకల దూరం lx = 0.14, పక్క దూరం ly = 0.16 మీటర్లు.

హాస్టల్ కారిడార్‌లో టైల్స్ మీద టెస్ట్ చేశాను. ముందుకు 2 మీటర్లు వెళ్లమంటే టేపు మీద 1.99 వచ్చింది, చాలా సంతోషించాను. ఎడమ పక్కకు సెకనుకు 0.4 మీటర్ల చొప్పున 5 సెకన్లు వెళ్లమంటే 1.78 దగ్గరే ఆగింది. పైగా బండి ముందు భాగం కుడికి 5 డిగ్రీలు తిరిగింది, బండి గీత దాటి 6 సెం.మీ. ముందుకు వచ్చేసింది. ఎన్‌కోడర్ల లెక్కలో మాత్రం పక్కకు 2.00, ముందుకు 0.00, తిరగడం 0. అంటే తాను ఎక్కడుందో బండికే తెలియడం లేదు. లెక్క ఇదీ (x ముందుకు, y ఎడమకు, తిరగడం అపసవ్యంగా ప్లస్; r చక్రం వ్యాసార్థం, w ఒక్కో చక్రం తిరిగే వేగం, fl ముందు ఎడమ, fr ముందు కుడి, rl వెనక ఎడమ, rr వెనక కుడి):

```
vx = r/4 * ( w_fl + w_fr + w_rl + w_rr)
vy = r/4 * (-w_fl + w_fr + w_rl - w_rr)
wz = r/(4*(lx+ly)) * (-w_fl + w_fr - w_rl + w_rr)
```

ఇందులో తప్పుందా? డెమోకి మూడు వారాలే ఉంది, బాగా టెన్షన్‌గా ఉంది.

శ్రీను_వర్క్‌షాప్

తమ్ముడూ, రోలర్లు 45 డిగ్రీల వాలులో ఉంటాయి కదా. మోటారు తిప్పిన దాంట్లో పక్కకు వెళ్లేది కాస్ 45 వంతే, అంటే 0.707. నీ vy ని 0.707తో గుణించు. మిగిలిన కాస్త తేడా చక్రాలు జారడం వల్ల. మెకానమ్ అంటేనే జారుతుంది, అందులో వింతేం లేదు.

నూజివీడు_రోబో

శ్రీను అన్నా, 0.707 పెడితే 1.41 వస్తుంది. నాకు వచ్చింది 1.78. అది కూడా కుదరడం లేదు.

మాధవి_ఆర్

మీ సూత్రాలు సరిగ్గానే ఉన్నాయి, వాటిని కదపకండి. శ్రీను గారు చెప్పినదాంట్లో జారడం గురించిన సగం నిజం. 0.707 మాత్రం కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

నేలను తాకేది చక్రం కాదు, ఆ క్షణానికి కింద ఉన్న ఒక్క రోలర్. రోలర్ తన ఇరుసు చుట్టూ స్వేచ్ఛగా తిరుగుతుంది, కాబట్టి ఇరుసుకు అడ్డంగా ఉన్న దిశలో నేలను పట్టుకోలేదు. ఇరుసు వెంబడి మాత్రమే పట్టుకుంటుంది. ఇప్పుడు బండి నేరుగా ఎడమకు వెళ్తోందనుకోండి. చక్రం అంచు 0.4 వేగంతో తిరుగుతోంది, బండి 0.4 వేగంతో పక్కకు పోతోంది. ఈ రెండు వేగాలకూ ఇరుసు వెంబడి ఉన్న భాగాలు ఒకదాన్నొకటి సరిగ్గా కొట్టేసుకోవాలి, అప్పుడే జారుడు ఉండదు. 45 డిగ్రీల దగ్గర రెండు భాగాలూ సమానం. అందుకే చక్రం అంచు ఎంత దూరం తిరిగితే బండి పక్కకు అంతే వెళ్తుంది. ఇక్కడ పనిచేసేది ట్యాంజెంట్ 45, దాని విలువ 1. మీ చక్రాలు సెకనుకు 8 రేడియన్ల చొప్పున 5 సెకన్లు, అంటే 40 రేడియన్లు తిరిగాయి. దాన్ని 0.05తో గుణిస్తే 2.00 మీటర్లు. లెక్క ప్రకారం రావలసింది అదే.

మరి 1.78 ఎందుకు? ముందుకు వెళ్లేటప్పుడు, పక్కకు వెళ్లేటప్పుడు రోలర్లు ఏం చేస్తున్నాయో ఒకసారి నేల మీద తల ఆనించి చూడండి. ముందుకు వెళ్తున్నప్పుడు రోలర్లు అసలు తిరగవు. మామూలు రబ్బరు చక్రంలా ఒకటి తర్వాత ఒకటి నేల మీద కూర్చుని లేస్తాయి. అందుకే మీకు 1.99 వచ్చింది. పక్కకు వెళ్లేటప్పుడు ఇరుసుకు అడ్డంగా మిగిలిపోయిన వేగం మొత్తాన్ని రోలరే తిరిగి సర్దాలి. అది 0.4 రెట్లు 1.414, అంటే సెకనుకు 0.57 మీటర్లు. మీ రోలర్ లావైన చోట వ్యాసార్థం 10 మి.మీ. అనుకుంటే నిమిషానికి సుమారు 540 చుట్లు. చక్రం తిరిగేది నిమిషానికి 76 చుట్లే. చవక చక్రాల్లో రోలర్‌కు బేరింగ్ ఉండదు, ప్లాస్టిక్ బుష్ ఇనప పిన్ను మీద రుద్దుకుంటూ తిరుగుతుంది. ఆ రాపిడి బండిని వెనక్కి లాగుతుంది. దాన్ని అధిగమించడానికి రబ్బరు ఇరుసు వెంబడి నేలను ఇంకా గట్టిగా పట్టుకోవాలి, పట్టుకునే కొద్దీ కొంచెం కొంచెంగా జారుతుంది. ఈ జారుడు ఎన్‌కోడర్‌కు ఎప్పటికీ కనిపించదు. అది కూర్చున్నది మోటారు మీద, జారుతున్నది నేల దగ్గర.

ఇది దూరం తగ్గడానికి కారణం. 5 డిగ్రీలు తిరగడం వేరే జబ్బు అని నా అనుమానం.

పాలీహౌస్_రైతు_మదనపల్లె

మేడమ్, నాది ఇదే సమస్య అనుకుంటున్నాను. టమాటా వరసల మధ్య మందు కొట్టే బండికి మెకానమ్ చక్రాలు పెట్టించాం. వరస చివర తిరగడానికి చోటు లేదు, పక్కకు జరిగితే చాలు. మొదటి రోజు బాగానే జరిగింది, రెండో రోజు నుంచి పక్కకు అసలు పోవడం లేదు, చక్రం అక్కడే మట్టి తవ్వుతోంది. ఏ సూత్రం వాడాలి?

మాధవి_ఆర్

మీది లెక్క సమస్య కాదండీ. తడి మట్టి రోలర్ చివర్లలో, పిన్నుల సందుల్లో దూరి గట్టిపడితే రోలర్లు తిరగవు. తిరగని రోలర్లున్న మెకానమ్ చక్రం మామూలు చక్రమే, పక్కకు పోదు. మెత్తటి నేలలో చక్రం కాస్త దిగబడినా ఒకే రోలర్ బదులు రెండు మూడు ఒకేసారి మట్టిలో ఉంటాయి, అవి ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. వరస చివర మాత్రం సిమెంటు చేయించి, చక్రాలు కడిగి వాడగలిగితే సరే. లేదంటే నాలుగు చక్రాలూ విడివిడిగా మలుపు తిరిగే ఏర్పాటు మీకు నయం.

పాలీహౌస్_రైతు_మదనపల్లె

చివర్లో సిమెంటు పట్టీ ఉంది మేడమ్, రెండు అడుగులు. చక్రాలు కడిగి చూసి చెబుతాను.

డెట్రాయిట్_రఘు

నూజివీడు తమ్ముడూ, ఒక చిన్న పరీక్ష చెబుతాను. నీకు నాలుగు చక్రాలున్నాయి, బండి కదలికలు మూడే: ముందుకు, పక్కకు, తిరగడం. అంటే ఒక ఎన్‌కోడర్ అదనం. జారుడు లేకపోతే ముందు రెండు చక్రాల మొత్తం వెనక రెండింటి మొత్తానికి సమానం కావాలి.

```
e = w_fl + w_fr - w_rl - w_rr
```

ఇది సున్నా కాకపోతే ఏదో ఒక చక్రం కచ్చితంగా జారుతున్నట్టే. లాగ్ చేసి చూడు, దొంగ దొరుకుతాడు.

నూజివీడు_రోబో

రఘు అన్నా, రాత్రే లాగ్ చేశాను. మొదలయ్యేటప్పుడు, ఆగేటప్పుడు కొంచెం ఊగుతోంది, మధ్యలో e దాదాపు సున్నా. అంటే జారుడు లేనట్టా? మరి 22 సెం.మీ. ఎటు పోయింది?

మాధవి_ఆర్

రఘు గారి సూత్రం సరైనదే, కానీ ఈ బండిలో అది మూగబోతుంది. ప్రతి చక్రానికీ విడిగా పీఐడీ ఉంది కదా. చక్రం నేలను పట్టుకున్నా, గాలిలో తిరిగినా పీఐడీ దాన్ని సరిగ్గా 8 రేడియన్ల దగ్గరే నిలబెడుతుంది. నాలుగూ చెప్పిన వేగంతోనే తిరుగుతుంటే e సున్నా కాక ఇంకేమవుతుంది? మోటార్లకు పీఐడీ లేకుండా చేత్తో తోస్తే ఆ పరీక్ష బాగా పనిచేస్తుంది. అప్పుడు కూడా నాలుగూ ఒకే నిష్పత్తిలో జారితే పట్టుకోలేదు.

మీ పరిస్థితిలో జారుడు ఆనవాలు వేగంలో ఉండదు, ఆ వేగాన్ని నిలబెట్టడానికి పీఐడీ ఎంత కష్టపడుతోందన్నదాంట్లో ఉంటుంది. పక్కకు వెళ్తుండగా నాలుగు మోటార్ల పీడబ్ల్యూఎం విలువలు, అంటే ఒక్కో మోటారుకు ఎంత శక్తి ఇస్తోందో ఆ అంకెలు, లాగ్ చేసి ఇక్కడ పెట్టండి.

నూజివీడు_రోబో

మేడమ్, పెడుతున్నాను. మధ్య 3 సెకన్ల సగటు, 255కు:

```
FL 148   FR 96   RL 139   RR 151
```

ముందు కుడి చక్రం తేలిగ్గా తిరిగిపోతోంది! మోటారు మార్చాలా?

మాధవి_ఆర్

మోటారు ముట్టుకోవద్దు. అదే మోటారు ముందుకు వెళ్లేటప్పుడు మిగతావాటితో సమానంగానే ఉందేమో చూడండి. సమానంగా ఉంటే ఆ చక్రం మీద బరువు లేదన్నమాట. వంటింటి తూకం ఒకటి తెచ్చి ఒక్కో చక్రం కింద పెట్టండి. మిగతా మూడు చక్రాల కింద తూకం ఎత్తు ఎంతో అంతే మందం చెక్కలు పెట్టాలి, లేకపోతే ఎత్తిన చక్రం మీదకే బరువు వచ్చేసి అంకె తప్పు చూపిస్తుంది.

నూజివీడు_రోబో

చేశాను. చెక్కలు దొరక్క నోట్‌బుక్కులు పేర్చాను, స్కేలుతో ఎత్తు సరిచూసుకున్నాను. ముందు ఎడమ 2.5 కిలోలు, ముందు కుడి 1.1, వెనక ఎడమ 2.3, వెనక కుడి 3.1. బ్యాటరీ వెనక ఉంది, అది నిజమే. కానీ ముందు కుడికీ ముందు ఎడమకీ ఇంత తేడా ఎందుకు?

మాధవి_ఆర్

మూలమూలలు కలిపి చూడండి. ముందు ఎడమ, వెనక కుడి కలిపితే 5.6. మిగతా మూలలవి కలిపితే 3.4. ఇది ఒక కాలు పొట్టిగా ఉన్న బల్ల. ఫ్రేమ్ ఒక మిల్లీమీటరు మెలిక తిరిగినా, టైల్ ఒక మూల ఎత్తుగా ఉన్నా గట్టి ఫ్రేమ్ బండి ఇలాగే రెండు మూలల మీద నిలబడుతుంది. మామూలు చక్రాల బండికి ఇది పెద్దగా పట్టదు. మెకానమ్‌కు ఎందుకు పడుతుందంటే, అది పక్కకు పోయేదే నాలుగు చక్రాల తోపులు ఒకదాన్నొకటి కొట్టేసుకోవడం మీద.

ఎడమకు వెళ్లేటప్పుడు ఒక్కో చక్రం ఎటు తోస్తోందో కాగితం మీద బాణాలు గీయండి. ముందు కుడి, వెనక ఎడమ చక్రాలు ముందుకూ ఎడమకూ తోస్తాయి. మిగతా రెండూ వెనక్కీ ఎడమకూ తోస్తాయి. ముందు వెనకలు కొట్టేసుకుని ఎడమ ఒక్కటే మిగులుతుంది. ఇప్పుడు ముందు కుడి బాణాన్ని చెరిపేయండి. ముందువైపు ఎడమకు తోసేది ఒక్కటే మిగిలింది, వెనక రెండు ఉన్నాయి. వెనక భాగం ఎడమకు ఎక్కువ వెళ్లి ముందు భాగం వెనకబడుతుంది, అంటే బండి ముక్కు కుడికి తిరుగుతుంది. మీకు జరిగింది అదే. తోపు కూడా కొంచెం వెనక్కి లాగుతుంది.

మరి వెనక్కి లాగితే బండి 6 సెం.మీ. ముందుకెలా వచ్చింది అని అడుగుతారు. ముక్కు కుడికి తిరిగిందంటే బండి "ఎడమ" కూడా దానితోపాటు ముందుకు వాలింది. తిరగడం సున్నా నుంచి 5 డిగ్రీలకు సమంగా పెరిగిందనుకుంటే సగటు 2.5. 1.78 మీటర్లకు సైన్ 2.5 వేస్తే 7.8 సెం.మీ. ముందుకు రావాలి. వెనక్కి లాగుడు ఒకటి రెండు సెం.మీ. తీసేస్తే మీ 6 వస్తుంది. దూరం మీద మాత్రం 2.5 డిగ్రీల ప్రభావం 2 మి.మీ. కూడా లేదు. అందుకే మీకున్నవి రెండు వేర్వేరు జబ్బులు అన్నాను.

శ్రీను_వర్క్‌షాప్

0.707 విషయంలో నేను పొరబడ్డాను, మాధవి గారు చెప్పాక బాణాలు గీసి చూస్తే అర్థమైంది. బరువు విషయం మాత్రం నా చేతిలో పనే. ముందు ఇరుసు మొత్తాన్ని విడి ప్లేటు మీద పెట్టి, మధ్యలో ఒకే బోల్టుతో ఫ్రేముకు బిగించు తమ్ముడూ. ట్రాక్టర్ ముందు ఇరుసు ఊగినట్టు అటూ ఇటూ ఊగాలి. స్ప్రింగులు వద్దు, నాలుగు చక్రాలూ తమంతట తామే నేల వెతుక్కుంటాయి.

నూజివీడు_రోబో

శ్రీను అన్నా, ఆదివారం మొత్తం పట్టింది కానీ చేశాం! బ్యాటరీ కూడా మధ్యకు జరిపాం. ఇప్పుడు నాలుగు చక్రాల మీదా 2.1 నుంచి 2.4 కిలోల మధ్య ఉంది. పక్కకు 2 మీటర్ల టెస్టులో తిరగడం 5 నుంచి 1.5 డిగ్రీలకు తగ్గింది. దూరం 1.83. ఐదుసార్లు చేస్తే 1.81, 1.85, 1.83, 1.80, 1.84.

ఇంకో విషయం. ఎడమకు 2 మీటర్లు వెళ్లి మళ్లీ కుడికి 2 మీటర్లు వస్తే బండి మొదలైన చోటికి ఒక సెంటీమీటరు తేడాతో వచ్చేస్తోంది. డెమోలో ఇలా చూపిస్తే సరిపోతుందా?

డెట్రాయిట్_రఘు

వద్దు తమ్ముడూ. వెళ్లేటప్పుడు 17 సెం.మీ. తక్కువ, వచ్చేటప్పుడూ 17 సెం.మీ. తక్కువ, రెండూ కొట్టేసుకున్నాయి. పరీక్ష ఎప్పుడూ తప్పులు కూడుకునేలా ఉండాలి. 1990ల మధ్యలో ఇక్కడే మిషిగన్ యూనివర్సిటీలో బోరెన్‌స్టీన్, ఫెంగ్ అనే ఇద్దరు రెండు చక్రాల రోబోలకు UMBmark అనే పరీక్ష పెట్టారు. చదరంలో సవ్యంగా కొన్నిసార్లు, అపసవ్యంగా కొన్నిసార్లు తిప్పుతారు. ఒకే వైపు తిప్పితే రెండు తప్పులు ఒకదాన్నొకటి దాచేస్తాయని వాళ్లు చూపించారు. నీదీ అదే పరిస్థితి.

తిరగడం 1.5కి తగ్గిందని వదిలేయకు. పాత 5 డిగ్రీలే లెక్క తీసుకుంటే, 2 మీటర్లకు అంత అంటే 10 మీటర్లకు 25. దూరం 5 రెట్లు పెరిగితే పక్కదారి పట్టేది 25 రెట్లు, దాదాపు రెండు మీటర్లు. దిశను ఎన్‌కోడర్ల నుంచి తీసుకోవడం మానెయ్. ఐఎంయూ సెన్సర్లో తిరిగే వేగం కొలిచే జైరో పెట్టి, wz అక్కడి నుంచి తీసుకో. మొదలు పెట్టేముందు బండిని కొన్ని సెకన్లు కదలకుండా ఉంచి జైరో సున్నా ఎంత చూపిస్తోందో సగటు తీసి తీసేయాలి, లేకపోతే నిలబడి ఉన్నా తిరుగుతున్నట్టు లెక్కేస్తుంది.

శ్రీను_వర్క్‌షాప్

దూరానికి vy ని 0.915తో గుణిస్తే అయిపోయింది కదా? ఐదుసార్లూ దగ్గర దగ్గరగానే వచ్చింది.

మాధవి_ఆర్

ఆ కారిడార్ వరకు అయిపోతుంది శ్రీను గారూ. డెమో హాల్లో నేల ఏమిటో కనుక్కున్నారా?

నూజివీడు_రోబో

కార్పెట్ మేడమ్. ఇవాళ సెమినార్ హాల్లో అడిగి ఒక్కసారి నడిపించాం. పక్కకు 1.62. ముందుకు మాత్రం 1.97.

మాధవి_ఆర్

చూశారా. టైల్స్ మీద 0.915, కార్పెట్ మీద 0.81. గుణకం సగటును సరిచేస్తుంది, నేల మారితే అదే గుణకం తప్పు చెబుతుంది. డెమో అక్కడే కాబట్టి అక్కడే కనీసం పదిసార్లు నడిపి, ఎడమకూ కుడికీ విడిగా గుణకం తీయండి. కార్పెట్‌కు నూలు ఒకవైపు వాలి ఉంటుంది, రెండు వైపులా ఒకేలా రాకపోవచ్చు. కొలతలన్నీ కలిపి బండి ఎక్కడుందో అంచనా వేసే ఫిల్టర్ వాడుతుంటే ముందు వెనకల కొలతకూ పక్క కొలతకూ ఒకే నమ్మకం ఇవ్వకండి. పక్క కొలతకు వేరియన్స్ చాలా ఎక్కువ పెట్టండి, లేకపోతే ఫిల్టర్ ఆ అబద్ధాన్ని కూడా సమానంగా నమ్ముతుంది.

డెట్రాయిట్_రఘు

నేనైతే గుణకం జోలికే వెళ్లను. ఇక్కడ ఎఫ్‌టీసీ రోబో పోటీల్లో స్కూలు పిల్లలు కూడా మోటారు లేని, పక్కకు కూడా దొర్లే చిన్న ఆమ్ని చక్రాలు మూడు, స్ప్రింగుతో నేలకు అదిమిపెట్టి, ఎన్‌కోడర్లు వాటికే పెడతారు. రెండు ముందు వెనకలకు, ఒకటి పక్కకు. వాటి మీద తోసే భారం లేదు కాబట్టి జారడం చాలా తక్కువ. నీకు జైరో ఉంటే రెండు చాలు.

మాధవి_ఆర్

అది మంచి దారే, ఒప్పుకుంటాను. కానీ కార్పెట్‌లో చిన్న చక్రం దిగబడితే దాని వ్యాసార్థమే మారినట్టు అవుతుంది, అక్కడా గుణకం తీయాల్సిందే. రెండు వారాల్లో కొత్త మెకానికల్ పని కంటే ఉన్నదాన్ని కొలవడమే నయమని నా ఉద్దేశం.

డెట్రాయిట్_రఘు

ఇక్కడ మనకు అభిప్రాయభేదం ఉండనివ్వండి మాధవి గారూ. ఒక్క పక్క చక్రం పెట్టడానికి ఒక సాయంత్రం చాలు.

నూజివీడు_రోబో

జైరో పెట్టాను, దిశ ఇప్పుడు బాగుంది. పక్క చక్రానికి పార్ట్స్ ఆర్డర్ చేశాను, వచ్చేలోపు గుణకం కూడా తీస్తాను. ఒక సందేహం మిగిలింది. దూరం తగ్గడానికి కారణం రోలర్ రాపిడే అని ఎలా తేల్చాలి?

మాధవి_ఆర్

మోటార్ల కప్లింగులు విప్పేయండి, గేర్ల బరువు కలవకూడదు. లగేజీ తూచే కొక్కెం తూకంతో బండిని మెల్లగా ముందుకు లాగండి, తర్వాత పక్కకు లాగండి. ముందుకు లాగేటప్పుడు రోలర్లు తిరగవు, పక్కకు లాగేటప్పుడు తిరుగుతాయి. రెండింటి తేడా దాదాపుగా రోలర్లదే. నూనె మాత్రం వేయకండి, రబ్బరు మీదకు కారితే పట్టు పోతుంది. తాళాలకు వాడే గ్రాఫైట్ పొడి పిన్నుల దగ్గర కొంచెం వేసి మళ్లీ లాగండి.

నూజివీడు_రోబో

టైల్స్ మీద ముందుకు 0.3 కిలోలు, పక్కకు 1.2. గ్రాఫైట్ తర్వాత పక్కకు 0.8. కప్లింగులు బిగించి నడిపితే పక్కకు 1.88 వచ్చింది, ఇంతకుముందు 1.83. రాపిడి దాదాపు సగానికి పడిపోయినా, దూరంలో తేడా మూడో వంతే తగ్గింది. మిగిలింది ఎక్కడిది?

శ్రీను_వర్క్‌షాప్

రోలర్ మారేచోట చూడు తమ్ముడూ. ఒక రోలర్ నేల వదిలి ఇంకోటి అందుకునే దగ్గర చిన్న ఖాళీ ఉంటే బండి టకటకమని అదురుతుంది. అదిరినప్పుడల్లా పట్టు వదులుతుంది. బండి మీద గ్లాసుతో నీళ్లు పెట్టి పక్కకు పంపు, అలలు లెక్కపెట్టు.

మాధవి_ఆర్

అది కావచ్చు, రబ్బరు మెత్తదనమూ కావచ్చు. అదురే కారణమైతే వేగం సగానికి తగ్గించినప్పుడు దూరం గుర్తుపట్టేంత మారాలి, రబ్బరు సాగుడైతే పెద్దగా మారకూడదు. సెకనుకు 0.2 చొప్పున 10 సెకన్లు నడిపి చూడండి.

నూజివీడు_రోబో

0.2తో ఆరుసార్లు: 1.90, 1.87, 1.91, 1.88, 1.92, 1.88. పెరిగినట్టూ ఉంది, లేనట్టూ ఉంది. రేపు కార్పెట్ మీద ఇదే చేస్తాను, హాలు సాయంత్రం 5 తర్వాత ఇస్తామన్నారు.